దాలమ్మ దారి, నేను మింగిన మాట

దాలమ్మ గురించి రాయమంటే ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్ గేటు దగ్గర టిఫిన్ తిన్న ప్రతివాడూ ఏదో ఒకటి చెప్పగలడు. నేను రాయవలసింది మాత్రం ఎవరూ చెప్పరు. ఎందుకంటే అది మొత్తం నాకూ ఆమెకీ మాత్రమే తెలుసు.

ముందు ఆమెను పరిచయం చేస్తాను. దాలమ్మకి అరవై మూడేళ్ళు. మనిషి పొట్టి, గొంతు పొడుగు. భర్త వర్క్‌షాప్‌లో ఫిట్టరుగా చేసి, రిటైరయిన రెండో ఏడే పోయాడు. పోయేముందు సుభాష్‌పల్లిలో వెనకవైపు రెండు కట్టాల జాగా, అంటే నూట అరవై గజాలు, కొని, రెండు గదులు వేశాడు. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్‌లో ముప్ఫై ఏళ్ళు ఉన్న మనిషికి సొంత గుమ్మం అంటే ఎంత మోజో చెప్పనక్కర్లేదు. ఆయన పోయాక దాలమ్మ నాలుగు చక్రాల ఠేలా ఒకటి చేయించుకుని ఇడ్లీ, గారె, ఉప్మా పెట్టింది. పద్దెనిమిదేళ్ళుగా తెల్లవారేసరికి ఆ బండి గేటు దగ్గర ఉండాల్సిందే.

ఆమె నోటి గురించి కూడా చెప్పాలి. ఒకే వాక్యంలో శ్రీకాకుళం యాసా, బెంగాలీ, హిందీ, ఒడియా కలిపి తిట్టగలదు. పిండి ఎక్కువ పులిస్తే బండి పక్కన నిలబడి తనే చాటింపు వేస్తుంది: "ఇయ్యాల పిండి పులిసిపోనాది. తినగలిగినోళ్ళు తినండి, నేపోతే రేపు రండి, ఠీక్ హై?" సరుకు బాగా లేదని తనే అరిచి చెప్పే వ్యాపారిని నేను మరొకరిని చూడలేదు. ఆ మాట విని కూడా జనం తినేవారు. అది వేరే సంగతి.

ఇక నా సంగతి. నా పేరు గిరిబాబు. ఇరవై నాలుగేళ్ళుగా మేదినీపూర్ సివిల్ కోర్టులో ముహూరీని, అంటే వకీలుగారి గుమస్తాని. దావాలు టైపు చేయించడం, స్టాంపులు కట్టడం, వాయిదాలు రాసుకోవడం, తెలుగు క్లయింట్లు చెప్పింది మా వకీలు శుభ్రాంశుబాబుకి బెంగాలీలో చెప్పడం, ఆయన చెప్పింది వాళ్ళకి తెలుగులో చెప్పడం నా పని. ఈ చివరి పనికి నేను చాలా గర్వపడేవాణ్ణి. మా వాళ్ళు కోర్టు మెట్లెక్కితే ముందు నా కోసమే వెతికేవారు. మనిషి నాలుగు మాటలు చెబితే అందులో కోర్టుకి పనికొచ్చేవి రెండే ఉంటాయనీ, ఆ రెండూ ఏరడం నాకు తెలుసుననీ అనుకునేవాణ్ణి. ఆ గర్వమే కొంప ముంచింది.

దాలమ్మ ఇంటికీ వీధికీ మధ్య ఇంకొకరి జాగా ఉంది. ఆ జాగా అంచున, కాలువ పక్కగా, ఆరడుగుల వెడల్పు దారి ఉందని దాలమ్మ భర్త కొన్నప్పటి దస్తావేజులో స్పష్టంగా రాసి ఉంది. ముందు జాగాని పోయిన సంవత్సరం నగరేశ్వరరావుగారు కొన్నారు. గోల్‌బజార్‌లో బట్టల కొట్టు ఆయనది. ఆ స్థలంలో గోడౌన్ కట్టాలనుకున్నారు. ఆయన దస్తావేజులో దారి మాటే లేదు. జాగా కాలువ దాకా తనదేనని ఉంది. ఇద్దరికీ అమ్మింది ఒకే కుటుంబం. మొదట దారి ఇచ్చిన చేత్తోనే తర్వాత దాన్ని మింగి రాశారు.

ఫిబ్రవరి పదిహేడున గోడ మోకాలెత్తు లేచింది. ఆ ఉదయం దాలమ్మ బండి దారిలో ఇరుక్కుపోయింది. బండి వెడల్పు మూడున్నర అడుగులు. మిగిలిన దారి రెండడుగుల తొమ్మిది అంగుళాలు. గిన్నెలన్నీ ఒక్కొక్కటే చేత్తో బయటికి మోసి, ఆ రోజు నేల మీద పీట వేసుకుని అమ్మింది. మర్నాడు తిన్నగా మా ఇంటికి వచ్చేసింది.

"ఒరే గిరీ, నా బండి ఇంట్లో ఇరికిపోనాది. ఆ కోమట్ల బాబు గోడెట్టేస్తన్నాడు. ఏటి సేత్తావో సెయ్యి."

నేను దస్తావేజు తీయించి చూశాను. బెంగాలీలో ఆరడుగులు అని ఉంది. ధైర్యం వచ్చింది. దావా వెయ్యొచ్చు. కానీ దావా తేలేసరికి ఎన్నేళ్ళు పడుతుందో దేవుడికి కూడా తెలియదు. ఈలోగా గోడ ఆపించాలంటే మధ్యంతర ఉత్తర్వు కావాలి. దాన్నే ఇంజంక్షన్ అంటారు. అది ఎలా వస్తుందో ఆమెకి చెప్పాను.

"పిన్నీ, జడ్జిగారు మూడు చూస్తారు. మొదటిది, నీ మాటలో పస ఉందా లేదా అని. గెలుస్తావని ఇప్పుడే తేల్చనక్కర్లేదు, విచారించదగ్గ గొడవ ఉంటే చాలు. రెండోది, ఉత్తర్వు ఇస్తే ఆయనకి ఎంత కష్టం, ఇవ్వకపోతే నీకెంత కష్టం, ఏది బరువు అని. మూడోది, నీకు జరిగే నష్టం తర్వాత డబ్బిచ్చి పూడ్చగలిగేదా, కాదా అని."

ఆమె వేళ్ళు ముడుచుకుంటూ విన్నది. "దస్తావేజు ఉంది, ఒకటి. ఆయన గోడ నాల్నెల్లు ఆగితే ఆయన కొంపేటి కూలదు, నా బండి ఆగితే నా పని ఆగిపోద్ది, రెండు. దారి పోయినాక డబ్బులిత్తే బండి డబ్బుల మీద నడుత్తాదేటి? మూడు. అయిపోనాది, ఇయ్యరా?"

మా శుభ్రాంశుబాబు కూడా అంత చక్కగా వాదించలేదు.

అప్పుడు నేను అడిగాను, పునాది ఎప్పుడు తవ్వారని. పన్నెండు రోజుల కిందట, ఆరో తారీకున, అని చెప్పింది. అప్పుడే ఎందుకు ఆపలేదని అడిగాను. ఆమె సిగ్గుపడకుండా చెప్పింది.

"ఆపడమేటి? నానే బూరెలు అట్టుకెల్లినాను."

మా వాళ్ళలో ఈ అలవాటు ఉంది. పక్కింట్లో పునాది తవ్వితే, మేస్త్రీకీ కూలీలకీ మనం తీపి పట్టుకెళ్ళి పెట్టాలి. మా తాతలు శ్రీకాకుళం నుంచి రైలుపనికి వచ్చినప్పుడు ఆచారాలు చాలా వదిలేశారు గానీ ఇది వదల్లేదు. పక్కవాడితో మాటలు లేకపోయినా సరే, ఆ రోజు బూరెలు వెళ్తాయి. ఏం కడుతున్నావని అడగడం మర్యాద కాదు. దాలమ్మ మాత్రం అడిగింది.

"ఆ బాబుని అడిగినాను. నా బండికి దారి ఉంచుతావు గదా బాబూ అని. ఉంచుతాను అమ్మా అన్నాడు. పుల్లలు పాతి తాడు కట్టినారు గానీ నాకేటి తెలుత్తాది? గోడ లేచినాక తెలిసింది."

ఇదీ ఆమె చెప్పింది. మొత్తం చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు.

నేనేం చేశానో ఇప్పుడు చెప్తాను. ఎదుటివాడికి నోటీసు లేకుండా, ఆ రోజే ఉత్తర్వు కావాలంటే ఆలస్యం చేస్తే పని చెడిపోతుందని చూపించాలి. అది చట్టంలోనే ఉంది. పన్నెండు రోజులు చూస్తూ ఊరుకుని, పైగా బూరెలు పెట్టిన మనిషికి ఇవాళే ఉత్తర్వు ఎందుకు అని జడ్జిగారు అడుగుతారు. నోటీసు ఇచ్చి రమ్మంటారు. నోటీసు వెళ్ళి, ఆయన వచ్చేసరికి గోడ కప్పెక్కుతుంది. ఇవన్నీ నాకు క్షణంలో తట్టాయి. శుభ్రాంశుబాబుకి చెప్పేటప్పుడు బూరెల మాట మింగేశాను. "ఈమెకి పదిహేడో తారీకున మొదటిసారి తెలిసింది బాబూ" అన్నాను. ఆయన అదే రాయించారు: పదిహేడున పిటిషనర్ మొదటిసారిగా కట్టుబడి సంగతి తెలుసుకున్నది. దాని కింద ఆమె ప్రమాణపత్రం, అంటే అఫిడవిట్. దాన్ని ఆమెకి మాతృభాషలో చదివి వివరించామని రాసి, వివరించినవాడిగా నేను సంతకం పెట్టాను. చదివాను కూడా. ఆ వాక్యం మాత్రం గబగబా దాటించేశాను. "గోడ సంగతి, దారి సంగతి రాశాం పిన్నీ, సంతకం పెట్టు" అన్నాను. ఆమె పెట్టింది.

పందొమ్మిదిన ఉత్తర్వు వచ్చింది. మార్చి నాలుగో తారీకు వాయిదా దాకా కట్టుబడి ఎక్కడ ఉన్నది అక్కడే ఆపమని. ఆ కోర్టులో జడ్జిగారు ఒకావిడ. నోటీసు లేకుండా ఎందుకిస్తున్నారో ఆవిడ కారణం రాశారు: గోడ ఇప్పుడే లేస్తున్నది, పిటిషనర్‌కి ఇప్పుడే తెలిసింది. ఆ రోజే కాగితాలన్నీ రిజిస్టర్డ్ పోస్టులో నగరేశ్వరరావుగారికి పంపాను. పంపానని మర్నాడు అఫిడవిట్ దాఖలు చేశాను. ఇవన్నీ నేను తప్పకుండా చేసే పనులు. అలాంటివాటిలో నాకు పొరపాటు రాదు.

దాలమ్మ కోర్టు బయట బల్ల మీద కూర్చుని ఉంది. ఉత్తర్వు సంగతి చెప్పగానే లేచి నా రెండు చెంపలూ నొక్కింది. "కోర్టంటే భయపడిసచ్చినాను గానీ, నిజం సెప్తే పనవుద్దిరా" అంది. నేను నవ్వాను.

ఆ రెండు వారాలూ నాకు కునుకు లేదు. ఒకటి రెండుసార్లు శుభ్రాంశుబాబు దగ్గరికి వెళ్ళి చెప్పేద్దామనుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళి, వాయిదా డైరీ అడిగి వచ్చేశాను. దాలమ్మ మాత్రం గోడ మొండి దగ్గర ఇటుకలు నాలుగు తీయించి, బండి వంచి బయటికి తీసి, రోజూ గేటుకి వెళ్తూనే ఉంది. నగరేశ్వరరావుగారు ఎదురైతే పలకరించింది కూడా. ఆయన మొహం తిప్పుకున్నారట.

నాలుగో తారీకున వాదనలు మొదలై, ఆరో తారీకు శుక్రవారం ముగిశాయి. అవతలి వకీలు ముందు దస్తావేజు గురించి మాట్లాడాడు. తర్వాత, బండి వీధిలో పెట్టుకోవచ్చనీ, మనిషి నడవడానికి దారి చాలుననీ, అమ్మకం తగ్గితే అది లెక్క కట్టగలిగే నష్టమేననీ అన్నాడు. మా శుభ్రాంశుబాబు అప్పుడు నిజంగా బాగా మాట్లాడారు. దారి హక్కుకి దినకూలీ లెక్క కట్టకూడదనీ, బండి వీధిలో వదిలితే మున్సిపాలిటీ ఎత్తుకుపోతుందనీ, గోడ లేచాక పడగొట్టించడం కంటే లేవకుండా ఆపడం తేలికనీ, ఎదుటివాడికి పోయేది కొద్ది నెలల ఆలస్యమే గానీ మరేమీ కాదనీ అన్నారు. జడ్జిగారు తల ఊపుతున్నారు. నాకు ప్రాణం లేచివచ్చింది.

అప్పుడు అవతలి వకీలు ఒక ఫోటో తీశాడు. నగరేశ్వరరావుగారి అబ్బాయి సాయినాథ్ ఫోనులో తీసింది. తవ్విన గుంట, తాడు, పక్కన మేస్త్రీ. మేస్త్రీకి స్టీలు పళ్ళెం అందిస్తూ దాలమ్మ. తారీకు ఫిబ్రవరి ఆరు.

"ఈమెకి పదిహేడున మొదటిసారి తెలిసిందా, యువర్ ఆనర్?" అన్నాడు.

జడ్జిగారు ఫోటో చూసి, పిటిషనర్ వచ్చిందా అని అడిగారు. దాలమ్మ వెనక బల్ల నుంచి లేచింది. ఈ ఫోటోలో ఉన్నది నువ్వేనా అని బెంగాలీలో అడిగారు. దాలమ్మ దగ్గరికి వెళ్ళి, చీర కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని చూసింది.

"హ్యాఁ, ఆమీ," అంది బెంగాలీలో, నేనే అని. తర్వాత అన్ని భాషలూ కలిపి చెప్పింది: పునాది రోజు తీపి పెట్టడం మా పద్ధతి, దారి ఉంచుతావా అని అడిగాను, ఉంచుతానన్నాడు, అందుకే పెట్టాను అని. ఒక్క పిసరు తడబాటు లేదు. మా శుభ్రాంశుబాబు నా వైపు తిరిగి చూశారు. నేను నేల చూశాను.

జడ్జిగారు ఆ సాయంత్రం బెంచి మీదే ఉత్తర్వు చెప్పారు. నేను ఇన్నేళ్ళు ఆ గదిలో కూర్చుని విన్న ఉత్తర్వులన్నిటిలో నాకు అక్షరం అక్షరం గుర్తున్నది అదొక్కటే. మొదటి చూపుకి పిటిషనర్ దస్తావేజులో పస ఉందన్నారు. కష్టాల తూకం ఆమె వైపే మొగ్గుతుందన్నారు. ఆమెకి జరిగే నష్టం డబ్బుతో పూడ్చేది కాదని కూడా అన్నారు. మూడూ ఆమెవే. తర్వాత అన్నారు: కానీ ఇది కోర్టు విచక్షణ మీద ఇచ్చే ఊరట. అడిగేవారు ముందు తమకు తెలిసింది మొత్తం చెప్పాలి. పిటిషనర్ ముఖ్యమైన విషయంలో తెలిసి తెలిసి తప్పు ప్రకటన చేసి, నోటీసు లేకుండా ఉత్తర్వు పొందింది. అటువంటప్పుడు ఆ ఉత్తర్వు రద్దు చేయాలని చట్టం చెబుతున్నది. రద్దు చేయకుండా ఉంచడానికి కారణం నాకు కనిపించలేదు.

చివరికి ఇంకొక మాట అన్నారు. అది ఉత్తర్వులో రాయలేదు, నోటితో అన్నారు. "ఈవిడ ఇప్పుడు చెప్పినదే మొదటి రోజు కాగితం మీద ఉంటే, అది నేను నమ్మేదాన్నేమో."

ఈ మాట నేను దాలమ్మకి అప్పుడు తెలుగులో చెప్పలేదు. బస్సులో ఇంటికి వస్తూ కంసావతి నది వంతెన దాటేటప్పుడు ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఓడిపోనామా?" అని మాత్రం అడిగింది. "దావా ఉంది పిన్నీ, ఇది మధ్యలో ఉత్తర్వే" అన్నాను. పిరికివాడు చెప్పే మాట అది. నిజమే, కానీ పిరికి మాట.

జిల్లా జడ్జి దగ్గర అప్పీలు వెయ్యొచ్చు. దానికి ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ కావాలి. అది మంగళవారం గానీ రాదు. నగరేశ్వరరావుగారు శనివారం మేస్త్రీలని రెట్టింపు పెట్టారు. సోమవారం సాయంత్రానికి గోడ మనిషి ఎత్తు దాటింది. ఆయన్ని నేను తిట్టను. తన దస్తావేజు తను నమ్ముకున్నారు, ఉత్తర్వు లేనప్పుడు కట్టుకున్నారు. తిట్టుకోవలసిందెవరినో నాకు తెలుసు.

మంగళవారం కాపీ తీసుకుని దాలమ్మ ఇంటికి వెళ్ళాను. ఆ సందులోకి పక్కకి తిరిగి నడవాల్సి వచ్చింది. ఠేలా పెరట్లో ఉంది. చక్రాలు విప్పేసి ఉన్నాయి. గేటు దగ్గర అమ్మకం మానేసిందట. గిన్నెలు మోయడానికి మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు.

"కూకో," అంది. "ఆ కాయితం సదువు. మొత్తం తెలుగులో సదువు."

చదివాను. ఈసారి వాక్యం దాటించలేదు. "తెలిసి తెలిసి తప్పు ప్రకటన చేసి" అన్నచోట ఆమె చెయ్యెత్తి ఆపింది.

"అదేటి? మల్లీ సెప్పు."

మళ్ళీ చెప్పాను.

"అంటే నాను అబద్ధం ఆడినానని ఆ జడ్జమ్మ రాసిందా?"

"రాసింది పిన్నీ."

"నాను ఎప్పుడు ఆడినాను?"

అప్పుడు చెప్పాను. మొత్తం. బూరెల మాట మింగింది, పదిహేడని రాయించింది, చదివేటప్పుడు దాటించింది, కోర్టు బయట ఆమె నా చెంపలు నొక్కినప్పుడు నేను నవ్వింది. జడ్జిగారు చివర్న నోటితో అన్నమాట కూడా చెప్పాను. చెబుతూ ఏడ్చాను. నలభై తొమ్మిదేళ్ళవాణ్ణి, ఆమె ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఆమె నన్ను ఓదార్చలేదు. గోడ వైపు తిరిగింది. ఇంటి గుమ్మంలోంచి ఇప్పుడు కనిపించేది అదే. తడి సిమెంటు ఇంకా పూర్తిగా ఆరలేదు.

"నువ్వు రాత్తే?" అంది. "జరిగింది జరిగినట్టు నువ్వు రాసి ఇత్తే?"

"అప్పీల్లో వెయ్యొచ్చు పిన్నీ. తప్పు గుమస్తాది, ఈమెది కాదు అని. అయితే గోడ లేచిపోయింది. ఆపమనడం వేరు, కట్టింది పడగొట్టమనడం వేరు. మధ్యలో పడగొట్టమని చెప్పాలంటే కోర్టు ఇంకా గట్టి కేసు ఉంటే గానీ చెప్పదు. దావా తేలాకే కావచ్చు. ఏళ్ళు పట్టొచ్చు."

"దారి సంగతి అడగనేదు. ఆ అబద్ధం మాట కాయితమ్మీంచి పోద్దా?"

"పోవచ్చు. నమ్మితే."

"నీకేటవుద్ది?"

"నా గుమస్తా లైసెన్సు పోవచ్చు. శుభ్రాంశుబాబు ఉంచుకోరు."

ఇక్కడ ఆమె 'వద్దులే నాన్నా, నీ కూడు తీసి నాకెందుకు' అంటుందని నేను అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ మాట కోసమే ఎదురు చూశాను. ఆ మాట వింటే ఇంటికి వెళ్ళి అన్నం తినగలనని అనుకున్నాను.

దాలమ్మ నా మొహంలోకి సూటిగా చూసింది.

"అయితే పోనీ," అంది. "రాయి."

బుధవారం ఉదయం కోర్టు తెరిచేసరికి ప్రమాణాలు చేయించే ఓత్ కమిషనర్ బల్ల ముందు ఇద్దరం నిలబడ్డాం. అఫిడవిట్ నేనే రాసుకున్నాను, బూరెల పళ్ళెం దగ్గర్నుంచి. సంతకానికి ముందు దాన్ని ఆమెకి తెలుగులో చదివి వినిపించాను. ఆమె మధ్యలో రెండుచోట్ల ఆపి, ఆ బాబు "ఉంచుతాను అమ్మా" అన్నాడనీ, అప్పుడు ఆయన నవ్వాడనీ చేర్పించింది. చేర్చాను. ప్రమాణం చేసేవాడి పేరు అని ఉన్నచోట ఇన్నేళ్ళలో వేలమంది పేర్లు రాసి ఉంటాను. ఈసారి నా పేరు రాశాను.